ఎంత ఐసు చేయాలి, ఎప్పుడు కరిగించాలి

పెద్ద భవనాల కరెంటు బిల్లులో పీక్ అన్న మాటకు రెండు అర్థాలుంటాయి. ఒకటి గడియారానికి సంబంధించింది. తెలంగాణలో హైటెన్షన్ వాణిజ్య కనెక్షన్లకు కొన్నేళ్లుగా ఉదయం 6 నుంచి 10 వరకు, సాయంత్రం 6 నుంచి 10 వరకు వాడిన ప్రతి యూనిట్‌కూ రూపాయి అదనంగా వేస్తున్నారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాడితే రేటు తగ్గిస్తారు. రెండోది భవనానికి సంబంధించింది. నెల మొత్తంలో ఏ కొద్ది నిమిషాలపాటైనా భవనం లాగిన అత్యధిక లోడును మీటరు గుర్తు పెట్టుకుంటుంది. ఆ మాక్సిమమ్ డిమాండ్ మీద కేవీఏకి ఇంత చొప్పున వేరే లెక్క ఉంటుంది. ఆఫీసు భవనాల్లో ఇది ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో నమోదవుతుంది. బిల్లులోని పీక్ గంటలకు, ఈ మూడు గంటల పీక్‌కు పొంతన లేదు. రాత్రి ఐసు చేసి పగలు ఏసీ నడుపుదామనుకునేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది ఈ రెంటిలో దేని మీద గురి పెడుతున్నామన్నదే. ట్యాంకు ఎంత పెద్దదో, చిల్లర్ ఎంతో, రోజూ ఎంత ఐసు చేయాలో అంతా దీన్నిబట్టే తేలుతుంది.

పద్ధతి కొత్తది కాదు. పాల డెయిరీల్లో ఐస్ బ్యాంకులు ఎప్పటి నుంచో ఉన్నాయి. పాలు ఉదయం, సాయంత్రం కొద్దిసేపట్లో ఒక్కసారిగా వచ్చిపడతాయి. వచ్చినవాటిని వచ్చినట్టే చల్లార్చాలంటే పెద్ద కంప్రెసర్ కావాలి. అందుకని చిన్న కంప్రెసర్‌తోనే మిగతా వేళల్లో ఐసు పేర్చుకుని, పాలు రాగానే ఆ ఐసునీళ్లు తిప్పుతారు. భవనాల్లో ట్యాంకు నిండా నీళ్లుంటాయి, ఆ నీళ్లలో ప్లాస్టిక్ గొట్టాల చుట్టలుంటాయి. గొట్టాల్లో ప్రవహించేది సుమారు నాలుగో వంతు గ్లైకాల్ కలిపిన నీరు. రాత్రి అది సున్నాకు అయిదారు డిగ్రీలు దిగువన ప్రవహిస్తూ గొట్టాల చుట్టూ ఐసు కట్టిస్తుంది. పగలు అదే గ్లైకాల్ భవనంలోని వేడిని తెచ్చి ఐసుకు ఇస్తుంది.

కొలత కూడా తేలికే. ఏసీవాళ్లు చెప్పే ఒక టన్ను ఒక గంట నడిస్తే ఎంత వేడి తీస్తుందో, 38 కిలోల ఐసు కరిగితే అంత వేడి తీసినట్టు. దీన్ని టన్ను-గంట అందాం.

ఇప్పుడు ఒక భవనాన్ని లెక్కకు తీసుకుందాం. హైదరాబాద్‌లో కట్టబోయే ఐటీ ఆఫీసు, ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు ఏసీ కావాలి. బాగా ఎండ కాసే రోజున పొద్దున 250 టన్నులతో మొదలై మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా 500 టన్నులకు చేరి, రాత్రి తొమ్మిది తర్వాత 220కి దిగుతుంది. పద్నాలుగు గంటలూ కూడితే 5,400 టన్ను-గంటలు. ఐసు లేకపోతే 500 టన్నుల చిల్లర్ కావాలి. రోజులో రెండు గంటల కోసమే అంత యంత్రం.

రాత్రి ఎనిమిది గంటలు చిల్లర్‌ను ఐసు మీద నడిపితే ఎంత చిల్లర్ సరిపోతుంది? ఇక్కడ చాలామంది తప్పులో కాలేసే చోటుంది. పగలు 100 టన్నులిచ్చే చిల్లర్ ఐసు చేసేటప్పుడు 100 టన్నులివ్వదు. అంత చల్లటి గ్లైకాల్ తయారుచేయాలంటే కంప్రెసర్ పీల్చే ఆవిరి పల్చబడి, సామర్థ్యం మూడింట రెండు వంతుల దగ్గరికి పడిపోతుంది. 68 శాతం అనుకుందాం. అంటే రాత్రి ఎనిమిది గంటలు, ఐసు విషయానికొచ్చేసరికి, 5.44 గంటలే. పగటి 14 గంటలతో కలిపితే 19.44. 5,400ను దాంతో భాగిస్తే 278 టన్నులు వస్తుంది. అయితే పొద్దునే, రాత్రి చివరి రెండు గంటల్లో భవనానికి 278 కూడా అక్కర్లేదు. ఆ గంటల్లో చిల్లర్ పూర్తిగా నడవదు. గంట గంటకూ విడిగా లెక్కేసి చూస్తే 285 టన్నుల దగ్గర పొంతన కుదురుతుంది. 285 దాటిన లోడంతా కలిపి 1,535 టన్ను-గంటలు. 285 టన్నుల చిల్లర్ రాత్రి చేయగలిగిన ఐసు 1,550. సరాసరి భాగహారంతో ఆగిపోయి యంత్రం కొన్న భవనంలో మే నెల సాయంత్రాలు ఉక్కపోత తప్పదు.

ట్యాంకు మాత్రం 1,550కి సరిపోదు. ఐసు చివరికి వచ్చేసరికి గొట్టాలకు దూరంగా పల్చగా మిగులుతుంది. వేడి దాన్ని చేరడం ఆలస్యమై, ట్యాంకు నుంచి వచ్చే గ్లైకాల్ చల్లదనం తగ్గుతుంది. అందుకే పది శాతం చేర్చి 1,700 తీసుకోవాలి. తయారీదారు ఇచ్చే పట్టికలో మొత్తం సామర్థ్యం ఒక్కటే చూసుకుంటే చాలదు, కరగడంలో చివరి గంటన్నరలో ఎన్ని టన్నులు, ఎన్ని డిగ్రీల వద్ద ఇవ్వగలదో చూడాలి. ఈ ట్యాంకులకు సుమారు 136 ఘనమీటర్ల చోటు పడుతుంది. ఇదే చల్లదనాన్ని ఐసు లేకుండా చన్నీళ్లుగా దాచాలంటే నాలుగు రెట్లకు పైగా చోటు కావాలి.

ఇక డబ్బు. లెక్క కోసం మామూలు వేళల్లో యూనిట్ 8 రూపాయలు, పీక్‌లో 9, రాత్రి 6.50 అనుకుందాం. పగలు చిల్లర్ టన్ను-గంటకు 0.65 యూనిట్లు తింటే, ఐసు చేసేటప్పుడు 0.85 తింటుంది. రాత్రి గాలి చల్లగా ఉండటం వల్ల కొంత కలిసొచ్చాకే ఆ 0.85. ఒక టన్ను-గంట చల్లదనం రాత్రి ఐసుగా 5 రూపాయల 53 పైసలు పడుతుంది. మధ్యాహ్నం నేరుగా చిల్లర్ నడిపితే 5 రూపాయల 20 పైసలు. సాయంత్రం పీక్‌లో నడిపితే 5 రూపాయల 85 పైసలు. అంటే ఐసును సాయంత్రం కరిగిస్తే 32 పైసలు మిగులుతుంది, మధ్యాహ్నం కరిగిస్తే 33 పైసలు నష్టం. రాత్రి కరెంటు చౌక కాబట్టి ఐసు చౌక అని చెప్పేవాళ్లు ఈ చిన్న గుణకారం చేసి చూపించాలి.

అలాగైతే ఈ భవనానికి ఐసెందుకు? మాక్సిమమ్ డిమాండ్ కోసం. మధ్యాహ్నం 500 టన్నులకు బదులు 285 టన్నుల చిల్లరే నడిస్తే దాదాపు 140 కిలోవాట్లు తగ్గుతాయి. అంటే సుమారు 147 కేవీఏ. కేవీఏకి నెలకు 500 రూపాయలనుకుంటే 73,000కు పైగా. యూనిట్ల మీద వేసవి రోజుల్లో పడే స్వల్ప నష్టాన్ని తీసేసినా నికరంగా మిగిలేది పెద్ద మొత్తమే. చిల్లర్, కూలింగ్ టవర్, ట్రాన్స్‌ఫార్మర్ చిన్నవి కావడం వేరే లాభం. కాకపోతే ఒక షరతుంది. మీటరు ఎంత తక్కువ చూపినా, కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతానికి బిల్లు ఎలాగూ వేస్తారు. ఐసు ప్లాంటు పెట్టి కాంట్రాక్ట్ డిమాండ్ తగ్గించుకోకపోతే ఆ లాభంలో చాలా భాగం బిల్లులో కనపడదు.

దీన్నిబట్టే రోజువారీ నడక ఏర్పడుతుంది. మండే రోజుల్లో చిల్లర్ ముందు, ఐసు తర్వాత. చిల్లర్ 285 దగ్గర నిండుగా నడుస్తుంటే పైన పడేదాన్ని మాత్రమే ఐసు మోయాలి. ఆపరేటరు ఉదయం పదింటికే ఐసును ధారాళంగా వదిలేస్తే మధ్యాహ్నానికి ట్యాంకు ఖాళీ అవుతుంది, ఇక భవనం చల్లబడదు. రెండో చిల్లర్ ఉన్న పాత భవనమైతే గత్యంతరం లేక దాన్ని ఆన్ చేస్తారు. ఆ కాసేపటి లోడు నెల మొత్తానికీ బిల్లులో నిలిచిపోతుంది. డిసెంబరులో లెక్క తిరగబడుతుంది. అప్పుడు లోడు సగమే, డిమాండ్ భయం లేదు. ఐసును పీక్ గంటలకే దాచి, ఆ వేళల్లో చిల్లర్ పూర్తిగా ఆపేయాలి. ముందురోజు రాత్రి చేయాల్సింది కూడా ఆ గంటలకు సరిపడా ఐసే. ట్యాంకు ఉంది కదా అని రోజూ నిండా గడ్డకట్టించడం, మధ్యాహ్నం కరిగించడం అంటే ప్రతి టన్ను-గంటకూ చేతి డబ్బు వదులుకోవడం.

ఐసు చేసేటప్పుడు చిల్లర్‌ను నిండు లోడు మీద నడపాలి, పనయ్యాక పూర్తిగా ఆపాలి. ఐసు మందం పెరిగేకొద్దీ వేడి బయటికి రావడం కష్టమై గ్లైకాల్ ఉష్ణోగ్రత మెల్లగా దిగుతుంది. చివర్లో ఒక్కసారిగా పడుతుంది, ట్యాంకు నిండిందనడానికి అదే గుర్తు. ఐసు నీటికంటే తొమ్మిది శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ట్యాంకులో నీటి మట్టం పెరుగుదల కూడా లెక్క చెబుతుంది. నిండాక కొంచెం కరిగిందని మళ్లీ చిల్లర్ వేయడం దండగ. అర్ధరాత్రి చిల్లర్ సగం లోడుకు దిగిపోతుంటే గ్లైకాల్ ప్రవాహమో సెట్టింగో తప్పిందని అర్థం.

నిన్న ఏడు గంటల్లో నిండిన ట్యాంకు ఇవాళ తొమ్మిది గంటలు తీసుకుంటుంటే ముందుగా వాల్వ్ చూడాలి. భవనంవైపు గొట్టాన్ని మూసే వాల్వ్ కారితే సున్నాకు దిగువనున్న గ్లైకాల్ ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి పోతుంది. అవతలివైపు మామూలు నీళ్లు. అవి గడ్డకడితే ప్లేట్లు పగులుతాయి. రాత్రి ఆ గొట్టం మీద చెమట, తెల్లటి పొర కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. గ్లైకాల్ గాఢతను కూడా ఎప్పటికప్పుడు రిఫ్రాక్టోమీటర్‌తో చూడాలి. కారిన చోటల్లా మామూలు నీళ్లు పోస్తూ వచ్చిన ప్లాంట్లలో చిల్లర్ ఎవాపరేటర్ లోపలే గడ్డకట్టి గొట్టాలు చిట్లుతాయి. రాత్రిపూట సర్వర్ గదులకు చల్లదనం కావాల్సిన భవనాలకు వేరే చిన్న చిల్లర్ ఉండాలి. ఐసు చేస్తున్న చిల్లర్ ఒకే సమయంలో ఆ పని కూడా సరిగా చేయలేదు.

ఇవాళ కుదిరిన ఈ లెక్కను రేటు మార్పు తలకిందులు చేయగలదు. 2023లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. వాటి ప్రకారం వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు పీక్ రేటు మామూలు రేటుకు 1.2 రెట్లకు తగ్గకూడదు, సౌరవిద్యుత్ ఎక్కువగా వచ్చే పగటి గంటల్లో కనీసం 20 శాతం తక్కువుండాలి. మన ఉదాహరణకు అన్వయిస్తే పగలు 6.40, సాయంత్రం 9.60. రాత్రికి తగ్గింపు లేకుండా 8 రూపాయలే ఉంటే అప్పుడు చేసిన ఐసు టన్ను-గంటకు 6 రూపాయల 80 పైసలు, సాయంత్రం చిల్లర్ నేరుగా నడిపితే 6 రూపాయల 24 పైసలు. రాత్రి ఐసుకు యూనిట్ల మీద ఇక లాభం లేదు. పగలే ఐసు చేద్దామంటే చిల్లర్ అప్పటికే భవనాన్ని చల్లార్చడంలో ఉంటుంది, పైగా ఎండకు దాని తిండీ పెరుగుతుంది. సాయంత్రం నాలుగు గంటలకు మన భవనానికి కావలసింది 1,180 టన్ను-గంటలు. పగలు దాన్ని తయారుచేయడానికి వేరే ఐసు చిల్లర్ కావాలి, మధ్యాహ్నం డిమాండ్ మళ్లీ పెరుగుతుంది. అందుకని ట్యాంకు కొనేముందు ఇప్పటి రేట్లతో ఒకసారి, ఈ రేట్లతో ఒకసారి గంట గంట పట్టిక వేయించాలి. రెండింటిలోనూ డిమాండ్ లాభం ఒక్కటే పెట్టుబడిని తిరిగి తెస్తుంటే ముందుకు వెళ్లొచ్చు. యూనిట్ తేడా మీదే లెక్కంతా నిలబడి ఉంటే ట్యాంకు పరిమాణాన్ని తగ్గించి మళ్లీ చూసుకోవాలి.