ఏడు రోజులు ముందొచ్చే డబ్బు

"మా సాఫ్ట్‌వేర్ డీలర్లకు బాకీ సంగతి వాట్సాప్‌లో దానంతటదే గుర్తుచేస్తుంది." ఇలా మొదలయ్యే మెయిల్‌ను సేల్స్ మేనేజర్ చదువుతాడేమో గానీ, ఫైనాన్స్ హెడ్ చదవరు. గుర్తుచేస్తే తన ఖాతాలో ఏం మారుతుందన్నదే ఆయనకు కావాలి. ఆ మాట మనమే చెప్పాలి, అదీ ఆయన అంకెలతో.

మోటారు పంపులు తయారుచేసే ఒక కంపెనీ ఉందనుకుందాం. ఏడాది అమ్మకాలు 73 కోట్లు, డీలర్ల నుంచి రావాల్సింది 15 కోట్లు. ఈ రెండూ కంపెనీ ప్రభుత్వానికి సమర్పించిన ఆర్థిక నివేదికల్లోనే దొరుకుతాయి. రోజుకు 20 లక్షల అమ్మకం. అంటే 75 రోజుల అమ్మకం బయటే ఉండిపోయింది. గుర్తుచేయడం వల్ల వసూలు ఏడు రోజులు ముందుకు జరిగితే 1.40 కోట్లు చేతికొస్తాయి. క్యాష్ క్రెడిట్‌పై బ్యాంకు వడ్డీ 10 శాతమైతే, ఏడాదికి 14 లక్షలు మిగులుతుంది. సాఫ్ట్‌వేర్ ధర 6 లక్షలు.

చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. 1.40 కోట్లను "ఏటా ఆదా" అని రాసేస్తారు. అది లాభం కాదు, ఒక్కసారి విడుదలయ్యే సొంత డబ్బు. ఏటా మిగిలేది వడ్డీ మాత్రమే. ఆ రెండింటినీ కలిపి చూపిన మెయిల్‌ను ఫైనాన్స్ హెడ్ ఇక నమ్మరు, నా దృష్టిలో నమ్మకూడదు కూడా. కంపెనీకి అసలు బ్యాంకు అప్పే లేకపోతే 10 శాతం లెక్క చెల్లదు. డిపాజిట్‌పై వచ్చే వడ్డీతో లెక్కగట్టాలి. బ్యాలెన్స్ షీట్‌లో స్వల్పకాలిక రుణాల పద్దు చూస్తే ఇది తేలిపోతుంది. ఇంకో చిక్కూ ఉంది. బాకీల్లో జీఎస్టీ కలిసి ఉంటుంది, అమ్మకాల్లో ఉండదు. అందుకే 75 రోజులు అసలు కంటే ఎక్కువగా కనిపిస్తాయి. "సుమారు" అనే మాట తప్పక చేర్చండి.

"మీ అకౌంట్స్ వాళ్లకు నెలకు 60 గంటలు మిగులుతాయి" అన్న వాక్యాన్ని నేనైతే తీసేస్తాను. జీతం బిల్లు తగ్గనంత వరకు ఆ గంటలు ఆయన పద్దులో కనిపించవు.

మెయిల్ ఇలా ఉంటే చాలు:

"నమస్కారమండీ. మీ ఆర్థిక నివేదికల ప్రకారం సుమారు 75 రోజుల అమ్మకం డీలర్ల దగ్గరుంది. అందులో ఏడు రోజులు తగ్గితే 1.40 కోట్లు ఒకసారి చేతికొస్తాయి, 10 శాతం చొప్పున ఏటా 14 లక్షల వడ్డీ తగ్గుతుంది. ఖర్చు 6 లక్షలు. ఏడు రోజులన్నది మా అంచనా. మూడు నెలలు 20 మంది డీలర్లతో పరీక్షించి చూద్దామా?"

దానికి లెక్క వేసిన షీటు జతచేయండి. వడ్డీ రేటు, రోజుల గడులు మార్చుకునేలా ఉంచండి. ఆయన తన అంకెలు వేసి చూసుకుంటారు.