డిశ్చార్జి షీటులో నాలుగు సమయాలు

ఉదయం 9.30కి రౌండ్స్‌లో డాక్టరు రోగిని ఇంటికి వెళ్లొచ్చన్నారు. మంచం ఖాళీ అయ్యేసరికి సాయంత్రం 4 గంటలు. మధ్యలో ఆరున్నర గంటలు ఎక్కడ పోయాయి? షీటులో ఒక్క సమయమే రాస్తే జవాబు దొరకదు.

అందుకే ఆసుపత్రి అధికారి వార్డులకు పంపే నోటీసులో నాలుగు గడులు తప్పనిసరి అవుతాయి: డాక్టరు ఆర్డరు, సమ్మరీ సిద్ధం, బిల్లు చెల్లింపు, మంచం ఖాళీ. ఈ రోగికి అవి 9.30, 1.15, 2.00, 4.00 అనుకుందాం. బిల్లుకు పట్టింది ముప్పావు గంటే. సమ్మరీకే మూడుముప్పావు గంటలు పట్టింది. సరిదిద్దాల్సింది అక్కడ.

షిఫ్టు చివర్లో గుర్తుచేసుకుని రాస్తే ఈ లెక్క తప్పుతుంది. గడులన్నీ 10.00, 11.00, 12.00 అని నిండితే అవి అంచనాలే. ఏ పని ముగిస్తే అప్పుడే గడియారం చూసి రాయాలి.