గుబిలి, గోరువెచ్చని నీళ్లు

ఆదివారం తలస్నానం చేసి తల తుడుచుకుంటుంటే కుడిచెవి ఒక్కసారిగా మూసుకుపోతుంది. లోపల గుబిలి నీళ్లు పీల్చుకుని ఉబ్బి, ఉన్న సన్నని సందు కూడా పూడ్చేసింది. ఇలాంటి చెవిని ఇంట్లోనే రబ్బరు బుడ్డి సిరంజితో కడుక్కోవచ్చా? కొందరికి తగిన పనే. బ్రిటన్‌లో 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, ఇలా కడుక్కున్నవారిలో సుమారు సగంమందికి ఆ తర్వాత నర్సుతో చెవి కడిగించుకోవాల్సిన అవసరం రాలేదు.

ముందు నోరు మూసుకుని 'మ్‌...' అంటూ కూనిరాగం తీయాలి. గుబిలి అడ్డుపడితే ఆ శబ్దం మూసుకున్న చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. బాగున్న చెవివైపు వినిపిస్తే లోపలి నరం దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు సిరంజి పక్కనపెట్టి అదేరోజు చెవి డాక్టర్ని కలవాలి. ఆలస్యమైతే వినికిడి తిరిగి రాకపోవచ్చు.

గుబిలేనని తేలినా వెంటనే నీళ్లు కొట్టకూడదు. మూడు నుంచి అయిదు రోజులు, పూటకు రెండు మూడు చుక్కల ఆలివ్ నూనె వేసి మెత్తబరచాలి. కాచిన వేడి నూనె పోయడం మాత్రం వద్దు, చెవి కాలుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు ఒంటివేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా పక్కనే ఉన్న తూకం చూసే అవయవం కలవరపడి గది గిర్రున తిరుగుతుంది, వాంతి వస్తుంది.

కూర్చుని చెవి కింద గిన్నె పట్టుకోవాలి. డొప్పను పైకీ వెనక్కీ లాగి, సిరంజి మొనను గుమ్మం దగ్గరే ఉంచాలి. లోపలికి బిగించేస్తే నీళ్లు తిరిగొచ్చే దారి ఉండదు. ధారను నేరుగా కర్ణభేరి మీదికి కాక పైన, వెనకున్న గోడవైపు మెల్లగా వదలాలి. రెండు మూడుసార్లకు రాకపోతే ఆపేయాలి. నొప్పి పుట్టినా, తల తిరిగినా, రక్తం కనిపించినా, నీళ్లు గొంతులోకి దిగినా అక్కడితో ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గొంతులోకి నీళ్లు దిగాయంటే కర్ణభేరికి రంధ్రం ఉన్నట్టే.

అందుకే 'చిన్నప్పుడు నాకు చెవి కారేది' అనేవారు ఈ పని అసలు చేయకూడదు. పాత రంధ్రం మిగిలి ఉండొచ్చు. చెవికి ఆపరేషనైనవారు, ఇప్పుడు చీము కారుతున్నవారు, ఒక్క చెవితోనే వినేవారు కూడా ఇంట్లో కడుక్కోవద్దు. మధుమేహం, రోగనిరోధకశక్తి తక్కువ ఉన్నవారి సంగతి మరింత తీవ్రం: గీరుకున్న చర్మంలో నిలిచిన తడి వల్ల పుట్టే ఇన్ఫెక్షన్ పుర్రె ఎముకదాకా పాకవచ్చు. రాత్రుళ్లు నిద్రపట్టనివ్వని చెవినొప్పి దాని గుర్తు.

పసిపిల్లల చెవిలో ఇరుక్కున్నది శనగగింజ అయితే నీళ్లకు ఉబ్బి మరింత బిగుసుకుంటుంది. బటన్ బ్యాటరీ అయితే తడి తగిలితే చర్మాన్ని ఇంకా త్వరగా కాల్చేస్తుంది. చుక్కకూడా వేయకుండా పిల్లవాణ్ణి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.