లక్ష బాండు.. అసలు బాకీ ఎంత?

రూ.2,00,000. రూ.67,595. రూ.22,532. ఈ మూడూ ఒకే ఉద్యోగి రాసిన ఒకే బాండుకు సంబంధించిన అంకెలు. మూడేళ్లు పనిచేస్తానని, మధ్యలో మానేస్తే రెండు లక్షలు కడతానని సిక్పా ఇండియా అనే కంపెనీ అతనితో రాయించుకుంది. అతను రెండేళ్లకే మానేశాడు. కంపెనీ మొత్తం రెండు లక్షలూ ఇప్పించాలని కోర్టుకెక్కింది. తీరా లెక్క తీస్తే శిక్షణకు అయిన ఖర్చు రూ.67,595. మూడేళ్లలో రెండేళ్లు పని జరిగింది కాబట్టి మూడో వంతు, అంటే రూ.22,532 కడితే చాలని కింది కోర్టు చెప్పింది. 2011లో ఢిల్లీ హైకోర్టు కూడా అదే ఖాయం చేసింది.

దీనికి ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని కాగితం మీద ఎంత రాసుకున్నా, కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే. రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. అంతకు మించి ఇప్పించరు, తగ్గించి ఇప్పించవచ్చు.

అలాగని ధీమా వద్దు

2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో ఇచ్చిన తీర్పు వేరే దారిలో ఉంది. అక్కడా బాండు రెండు లక్షలే, గడువు మూడేళ్లే. ఆ అధికారి 2007 సెప్టెంబరులో చేరి, వేరే బ్యాంకులో ఉద్యోగం రావడంతో 2009 జూలైలో రాజీనామా చేశారు. దాదాపు 22 నెలలు పనిచేసినా రెండు లక్షలూ కట్టాల్సి వచ్చింది. ఆ షరతు చెల్లదన్న కర్ణాటక హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రభుత్వ రంగ బ్యాంకు ఒక పోస్టు నింపాలంటే దేశమంతా ప్రకటన ఇచ్చి, పోటీ పెట్టి ఎంపిక చేయాలి. ఆ ఖర్చూ ఆ జాప్యమూ చూస్తే, ఆ స్థాయి అధికారి జీతం చూస్తే రెండు లక్షలు ఎక్కువేమీ కాదన్నది కోర్టు మాట.

రెండు కేసుల్లోనూ బాండు మొత్తం ఒకటే. కట్టాల్సి వచ్చింది మాత్రం ఒకరు రూ.22,532, మరొకరు రూ.2,00,000. ఏ రోజు మానేస్తే ఎంత బాకీయో బాండులోనే లెక్క ఉంటే, దాన్ని తేల్చుకోవడానికి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగే పని తగ్గుతుంది.

బోధన్ మిల్లులో ఒక లెక్క

ఒక ఉదాహరణ అనుకుందాం. ధర్పల్లి కుర్రాడు బోధన్ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో నెలకు రూ.16,000 జీతానికి చేరాడు. బియ్యంలో రంగు మారిన గింజల్ని ఏరేసే సార్టెక్స్ మిషన్ నడపడం నేర్చుకోవడానికి సేటు అతన్ని మిషన్ కంపెనీ దగ్గరికి మూడు వారాలు పంపాడు. కంపెనీకి ఫీజు రూ.24,000, బస, భోజనం రూ.15,000, రానుపోను ఛార్జీలు రూ.3,000. మొత్తం రూ.42,000. రెండేళ్లు పనిచేయాలి, మానేస్తే లక్ష కట్టాలని బాండు.

ఇప్పుడు రూ.42,000ను 24 నెలలకు పంచండి. నెలకు రూ.1,750 పడుతుంది. కుర్రాడు పనిచేసే ప్రతి నెలా అంత బాకీ తీరుతున్నట్టే. ఆరు నెలలకు మానేస్తే మిగిలిన 18 నెలలకు రూ.31,500 కట్టాలి. పదిహేను నెలలకైతే రూ.15,750. ఇరవై మూడు నెలలకైతే రూ.1,750. అదే లక్ష బాండు ప్రకారమైతే ఒక్క నెల తగ్గినందుకు ఆరు నెలల జీతానికి మించి కట్టాలి. జరిగిన నష్టానికీ అడిగే మొత్తానికీ పొంతన లేనప్పుడు అది పరిహారం కాదు, జరిమానా.

పేచీ ఎక్కువగా ఖర్చు దగ్గరే వస్తుంది. బయటివాళ్లకు కట్టిన ఫీజు, ప్రయాణం, బస.. వీటికి బిల్లులుంటాయి కాబట్టి గొడవ తక్కువ. మిల్లులోనే పాత ఆపరేటర్ పక్కన వారం రోజులు నిలబెట్టి పని చూపించడం ఏ కొత్త మనిషికైనా చేసేదే. దాన్ని శిక్షణ ఖర్చు కింద రాయడం సబబు కాదు. పనిచేయించుకుంటూ ఇచ్చిన జీతాన్నీ ఇందులో కలపకూడదు.

బాండు ఇలా రాయొచ్చు

"మీ శిక్షణకు మిల్లు పెట్టిన ఖర్చు రూ.42,000. బిల్లుల నకళ్లు జతచేశాం. శిక్షణ ముగిసిన మర్నాటి నుంచి 24 నెలలు మీరు ఇక్కడ పనిచేయాలి. ఈలోగా మీ అంతట మీరు మానేస్తే, మిగిలిన ఒక్కో నెలకు రూ.1,750 చొప్పున కట్టాలి. ఒక నెలలో 15 రోజులకు మించి పనిచేస్తే ఆ నెల పూర్తయినట్టే. ఈ మొత్తాన్ని ఆరు నెలవారీ వాయిదాల్లో కట్టవచ్చు. మిల్లు మూతపడినా, మీ తప్పేమీ లేకుండా మేమే తీసేసినా, జీతం నెలకు మించి ఆపినా, ఈ పని చేయలేని జబ్బని ప్రభుత్వ డాక్టరు రాసిచ్చినా మీరు ఏమీ కట్టనక్కర్లేదు. శిక్షణ అసలు జరగకపోతే ఈ బాండు చెల్లదు."

చివరి రెండు వాక్యాల్ని చాలామంది వదిలేస్తారు. చేరిన రోజే బాండు రాయించుకుని, శిక్షణను రేపు మాపంటూ సాగదీసే చోట్లున్నాయి. ఇక మూతపడటం సంగతి బోధన్‌కు చెప్పాల్సిన పనిలేదు. నిజాం షుగర్స్‌లో 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. అక్కడ కార్మికులు పని మానలేదు, పనే వాళ్లకు లేకుండా పోయింది. "ఏ కారణంతోనైనా ఉద్యోగం ముగిస్తే" అని బాండులో ఉంటే, అలాంటప్పుడు కూడా డబ్బు అడిగే సందు దొరుకుతుంది. ఆ మాట కనిపిస్తే కొట్టేయించి "మీ అంతట మీరు మానేస్తే" అని రాయించుకోండి.

బాండుతో చేయలేని పనులు

బాండు చూపించి ఎవరితోనూ బలవంతంగా పని చేయించలేరు. గడువు లోపల మానేస్తే డబ్బు అడగొచ్చు, అంతే. మానేశాక పక్క మిల్లులో చేరకూడదనే షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ఇంటర్ కాగానే పనిలో చేరే పిల్లల్లో చాలామందికి ఇంకా పదిహేడేళ్లే. పద్దెనిమిది నిండని వాళ్లు చేసిన సంతకానికి ఒప్పందంగా విలువ లేదు.

ఆఖరి జీతం సంగతి కూడా తెలుసుకోవాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. జీతంలో ఏయే కోతలు పెట్టొచ్చో ఆ చట్టంలోనే జాబితా ఉంది. శిక్షణ బాండు పేరుతో కోతకు అందులో విడిగా చోటు లేదు.

"టెన్త్ మెమో ఒరిజినల్ ఇచ్చి పో, ఒక ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టు, అందరూ పెట్టిన్రు" అంటే మాత్రం ఆగండి. మెమో జిరాక్స్ ఇస్తే చాలు. ఖాళీ చెక్కు చేతికి చిక్కితే, రూ.15,750 దగ్గర తేలాల్సిన లెక్క లక్ష రూపాయల చెక్ బౌన్స్ క్రిమినల్ కేసుగా మారొచ్చు.

ఈ లెక్క సేటుకూ పనికొస్తుంది. లక్ష అని రాయించుకుని బిల్లులు దాచుకోకపోతే కోర్టులో చూపించడానికి ఆయన దగ్గర ఏమీ ఉండదు. రూ.42,000కు బిల్లులు, వాటి కింద కుర్రాడి సంతకం ఉంటే, పదిహేను నెలలకు వెళ్లిపోయే మనిషి దగ్గర రూ.15,750 అడగడానికి వకీలు కూడా అక్కర్లేకపోవచ్చు.