పెన్ను ఎత్తకుండా గీయగలమా? ముందు గీతలు లెక్కపెట్టండి

రెండు బొమ్మలు. మొదటిది ఒక చతురస్రం, దాని లోపల రెండు కర్ణాలు. రెండోది అదే బొమ్మ, కాకపోతే పైన ఇంటి కప్పులా మరో రెండు ఏటవాలు గీతలు. పెన్ను కాగితం మీద నుంచి ఎత్తకుండా, గీసిన గీతను మళ్లీ గీయకుండా బొమ్మ పూర్తి చేయాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ రెండూ ఇస్తే చాలామంది మొదటిదాన్నే ఎంచుకుంటారు. అందులో ఆరు గీతలే ఉన్నాయి, రెండోదానిలో ఎనిమిది. తక్కువ గీతలున్నది తేలికే కదా అనుకుంటారు.

కానీ మొదటి బొమ్మ ఎవరికీ రాదు. ఎప్పుడూ ఒక గీత మిగిలిపోతుంది. ఇరవై సార్లు ప్రయత్నించి రాకపోతే, తనకు తెలివి చాలలేదని అనుకునే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉంటారు. రెండో బొమ్మ మాత్రం కొందరికి చటుక్కున వచ్చేస్తుంది. రెండు గీతలు కలిపితే అసాధ్యమైనది ఎలా సాధ్యమైంది? గ్రాఫ్ సిద్ధాంతాన్ని మొదలుపెట్టడానికి ఈ ప్రశ్న ఒక్కటి చాలు. ఇక్కడ గ్రాఫ్ అంటే పాఠ్యపుస్తకంలో ఎక్స్, వై అక్షాల మీద గీసేది కాదు. కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు, అంతే. గీత పొడవు, వంపు ఇక్కడ లెక్కలోకి రావు. ఏ చుక్క దేనితో కలిసిందన్నదే ముఖ్యం.

జవాబు చెప్పే ముందు, ఇంటి బొమ్మ గీయగలిగినవారిని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించారో బోర్డు మీద రాయమనాలి. అందరి జాబితా ఒకేలా ఉంటుంది: కింది రెండు మూలల్లో ఒకచోట మొదలు, రెండోచోట ముగింపు. కప్పు కొన దగ్గర మొదలుపెట్టినవారిలో ఒక్కరికీ రాదు.

ఇప్పుడు ప్రతి మూల దగ్గర ఎన్ని గీతలు కలుస్తున్నాయో లెక్కపెట్టాలి. ఈ సంఖ్యను ఆ చుక్క డిగ్రీ అంటారు. ఇంటి బొమ్మలో కప్పు కొన దగ్గర 2, దాని కింది మూలల్లో 4, 4, అడుగు మూలల్లో 3, 3. కప్పు లేని బొమ్మలో నాలుగు మూలల్లోనూ 3. కర్ణాలు ఒకదాన్నొకటి దాటేచోటును చుక్కగా లెక్కించాలా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. లెక్కించినా అక్కడ 4 వస్తుంది, సరి సంఖ్యే కాబట్టి జవాబు మారదు.

కారణం ఇది. పెన్ను ఒక చుక్క గుండా వెళ్లిన ప్రతిసారీ రెండు గీతలు ఖర్చవుతాయి, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. కాబట్టి మధ్యలో దాటిపోయే చుక్కలన్నింటి దగ్గరా గీతలు సరి సంఖ్యలోనే ఉండాలి. బేసి సంఖ్య ఉన్న చుక్క ప్రయాణానికి మొదలో, ముగింపో కాక తప్పదు. ఒక ప్రయాణానికి మొదలు ఒకటే, ముగింపు ఒకటే. అందువల్ల బేసి చుక్కలు రెండుకు మించితే బొమ్మ రాదు. నాలుగు బేసి చుక్కలున్న మొదటి బొమ్మను ఇరవై సార్లు కాదు, లక్ష సార్లు ప్రయత్నించినా రాదు. ‘నాకు దొరకలేదు’ అన్న మాటకూ ‘అసలు లేదు’ అన్న మాటకూ మధ్య తేడా విద్యార్థికి ఇక్కడ తెలుస్తుంది.

లెక్క సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. ప్రతి గీతకూ రెండు కొసలుంటాయి. అందుకే డిగ్రీలన్నీ కూడితే గీతల సంఖ్యకు సరిగ్గా రెట్టింపు రావాలి. ఇంటి బొమ్మలో 2+4+4+3+3 = 16, గీతలు 8. దీన్ని బట్టి బేసి చుక్కలు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయి. ఎవరికైనా ఒకటో, మూడో బేసి చుక్కలు వచ్చాయంటే ఎక్కడో లెక్క తప్పినట్టే.

ఈ తర్కాన్ని మొదట వాడినవాడు లియొనార్డ్ ఆయిలర్. కోనిగ్స్‌బర్గ్ నగరంలో నదీ పాయలు విడదీసిన నాలుగు భూభాగాలను ఏడు వంతెనలు కలిపేవి. ప్రతి వంతెనను ఒక్కసారే దాటుతూ అన్నీ తిరిగి రాగలమా అన్నది అక్కడి ప్రశ్న. నాలుగు భూభాగాలకు ఉన్న వంతెనలు 5, 3, 3, 3. నాలుగూ బేసి. సాధ్యం కాదని ఆయిలర్ 1735లో చూపించాడు. బేసి చుక్కలు లేకపోతే, లేదా రెండే ఉంటే, బొమ్మ ముక్కలుగా విడిపోనంత వరకు దారి తప్పక ఉంటుందన్న రెండో సగానికి పూర్తి నిరూపణ మాత్రం జర్మన్ గణితవేత్త కార్ల్ హియర్‌హోల్జర్ పేరిట 1873లో వచ్చింది.

దారి లేదని తేలాక పజిల్ ముగుస్తుంది, పని మాత్రం ముగియదు. చెత్త సేకరించే బండి ప్రతి వీధికీ వెళ్లాల్సిందే. ఏ వీధిలో రెండోసారి తిరిగితే నష్టం తక్కువ? 1960లో చైనా గణితవేత్త గువాన్ మేగు పోస్ట్‌మ్యాన్ గురించి అడిగిన ప్రశ్న ఇదే. తరగతిలో చిన్న పటం చాలు. పక్కపక్కన మూడు బ్లాకులు గీయాలి. అడ్డ వీధులు ఆరు, ఒక్కోటి 100 మీటర్లు. నిలువు వీధులు నాలుగు, ఒక్కోటి 60 మీటర్లు. మొత్తం 840 మీటర్లు. చివరి నాలుగు మూలల్లో 2 చొప్పున వీధులు, మధ్యనున్న నాలుగు కూడళ్లలో 3 చొప్పున. అంటే బేసి కూడళ్లు నాలుగు.

వీటిని జతలుగా కలిపి, ఆ జతల మధ్య దారిలో రెండోసారి తిరగాలి. జతపరచడానికి మూడే పద్ధతులున్నాయి. నిలువుగా కలిపితే అదనం 60+60 = 120 మీటర్లు. అడ్డంగా కలిపితే 200. ఐమూలగా కలిపితే 320. నిలువు జతలే మేలు, బండి 960 మీటర్లు తిరిగి బయల్దేరినచోటికే చేరుతుంది. బేసి కూడళ్లు ఆరైతే జతపరిచే పద్ధతులు 15, ఎనిమిదైతే 105. వార్డు మొత్తం పటం తీసుకుంటే చేత్తో లెక్కించడం కుదరదు, కంప్యూటర్ పద్ధతులు కావాలి.

పిల్లలు తడబడేది ఇంకోచోట. చెత్త బండి ప్రతి వీధికీ వెళ్లాలి. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు కొన్ని ఇళ్లకు వెళ్తే చాలు, ఏ వీధి గుండా వెళ్లినా ఫరవాలేదు. మొదటిది గీతల లెక్క, రెండోది చుక్కల లెక్క. ప్రతి చుక్కనూ ఒక్కసారే తాకే దారి ఉందో లేదో చెప్పడానికి సరి-బేసి లాంటి తేలికైన పరీక్ష ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అందుకే పటం గీసేముందే, వెళ్లాల్సింది వీధులకా ఇళ్లకా అని అడగాలి.

చివరగా మెలికల ముగ్గు. చుక్కల చుట్టూ తిరిగే ఈ ముగ్గులో రెండు గీతలు దాటుకునే ప్రతిచోటా నాలుగు కొసలు కలుస్తాయి. అన్నీ సరి సంఖ్యలే కాబట్టి, ఆయిలర్ లెక్కన ముగ్గంతా కలిసి ఉంటే ఒకే గీతలో రావాలి. కానీ ముగ్గు వేసేవారు కూడలి దగ్గర మలుపు తిరగరు, తిన్నగా దాటిపోతారు. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్న రెండు వృత్తాలు గీసి చూస్తే తేడా తెలుస్తుంది. కూడలిలో మలుపు తిరగవచ్చంటే ఒకే గీతలో పూర్తవుతాయి. తిన్నగానే పోవాలంటే చేయి ఎత్తక తప్పదు. బొమ్మ అదే, మారింది నియమం. కొన్ని మెలికల ముగ్గులు ఒకే గీతలో రావడం, కొన్నింటికి రెండు మూడు గీతలు కావాల్సి రావడం ఈ నియమం వల్లే. ఏ ముగ్గుకు ఎన్ని కావాలో పిల్లలు ఇంటి దగ్గర వేలితో గీత వెంట వెళ్లి లెక్కపెట్టి రావచ్చు.