రాతపరీక్షలో దాగిన తప్పులు

విలేకరి ఉద్యోగానికి వెళ్తే చాలాచోట్ల ఒక చిత్తు సమాచారం చేతికిచ్చి, ముప్పావుగంటలో వార్త రాయమంటారు. భాష ఎలా ఉందో చూస్తారు గానీ, అసలు పరీక్ష అందులో కావాలని పెట్టిన తప్పుల్ని పట్టుకోవడమే.

ఉదాహరణకి ఈ ఊహాజనిత సమాచారం చూడండి: ‘తూర్పు గోదావరి జిల్లా అమలాపురం దగ్గర ఆటో బోల్తా. 9 మందికి గాయాలు. నలుగురిని ఏరియా ఆస్పత్రికి, ముగ్గురిని కాకినాడకు తరలించారు. డ్రైవర్ తాగి ఉన్నాడు.’ 2022 ఏప్రిల్‌ నుంచి అమలాపురం కోనసీమ జిల్లా కేంద్రం. నాలుగూ మూడూ ఏడే, మిగిలిన ఇద్దరూ ఏమయ్యారు? డ్రైవర్ తాగాడని ఎవరన్నారు?

జిల్లా పేరు నిమిషంలో సరిచేయవచ్చు. లెక్క తేలాలంటే ఆస్పత్రికో, పోలీస్ స్టేషన్‌కో ఫోన్ చేయాలి. అక్కడ అది కుదరకపోతే ‘ఏడుగురిని ఆస్పత్రులకు తరలించారు’ అని రాసి, ఇద్దరి సంగతి తేలలేదని పక్కన గమనిక పెట్టాలి. తాగిన మాటకి పోలీసుల ధ్రువీకరణ లేకపోతే తీసేయాల్సిందే. అది ఒక మనిషి మీద నేరారోపణ.

తర్వాత ఇంటర్వ్యూలో ‘ఏం కథనం రాస్తారు?’ అంటారు. ‘మా ఊరి నీటి సమస్య’ అంటే చాలదు. ‘ట్యాంకు కట్టి రెండేళ్లయినా మూడో వార్డుకు నీళ్లెందుకు ఎక్కడం లేదు?’ అంటే అది కథనం. పంచాయతీ కార్యదర్శినీ, ఇంజినీరునూ, ఆ వార్డు వాళ్లనూ ఏమడుగుతారో కూడా చెప్పగలగాలి.

పరీక్షకు వెళ్లేవారు చివరి పది నిమిషాలూ రాయడం ఆపి, పేర్లూ అంకెలూ మళ్లీ చూసుకోండి.