ఒక పనికి ఒక వరస

తెలుగు, ఇంగ్లీషు భాషల్లో పక్కపక్కన రాసిన భద్రతా సూచనల బోర్డును ఒకే సమయంలో ఇద్దరు చదువుతారు. మెషిన్ దగ్గర పనిచేసే కార్మికుడు తెలుగు వైపు చూస్తాడు. బయటి నుంచి రిపేరుకు వచ్చిన టెక్నీషియనో, వేరే రాష్ట్రం ఇంజనీరో ఇంగ్లీషు వైపు చూస్తాడు. ‘ఐదోది అయిందా?’ అని ఒకరు కేకేస్తే రెండో మనిషి వేలు పెట్టే చోట కూడా అదే పని ఉండాలి. ఒక వైపు ఐదో లైను తాళం వేయమని, రెండో వైపు ఐదో లైను గార్డు తీయమని చెబుతుంటే, ఇద్దరూ బోర్డు ప్రకారమే నడుచుకున్నా చెయ్యి నలిగిపోవచ్చు.

చట్టం ప్రకారం కట్టే నోటీసులు ఇంగ్లీషులోనూ, ఆ ఫ్యాక్టరీలో ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లో రాశారు. అవి శుభ్రంగా, చదవడానికి వీలుగా ఉండాలని కూడా అందులోనే ఉండేది. ఆ రెండు భాషలనూ ఒకదానికొకటి సరిపోయేలా అమర్చడం మాత్రం బోర్డు రాసేవాళ్ల పని.

ఈ అమరిక కుదరాలంటే ముందు లైన్లను మరిచిపోవాలి. తెలుగులో ఒక లైనులో సరిపోయిన మాట ఇంగ్లీషులో రెండు లైన్లు కావచ్చు, ఇంగ్లీషులో ఒక లైను తెలుగులో మూడు కావచ్చు. లైనుకు లైను కలపాలని చూస్తే ఎక్కడో ఒకచోట తప్పుతుంది. కలపవలసింది పనికి పని. ఒక పట్టికలో ఒక్కో పనికి ఒక్కో అడ్డువరస ఇచ్చి, మొదటి గడిలో అంకె, తర్వాత తెలుగు, ఆ పక్కన ఇంగ్లీషు రాస్తే, ఏ గడి ఎంత పెరిగినా రెండో గడి దాంతోపాటే సాగుతుంది. తర్వాతి పని రెండు వైపులా ఒకే ఎత్తులో మొదలవుతుంది.

బెల్టు కన్వేయరులో సరుకు ఇరుక్కున్నప్పుడు దాన్ని తీసే పద్ధతిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంగ్లీషు మాన్యువల్‌లో ఇది తరచుగా ఒకటే పెద్ద వాక్యంగా ఉంటుంది: ఐసొలేటర్‌కు తాళం వేసి, తాళంచెవి దగ్గర పెట్టుకోవాలి, ఇదంతా గార్డు తీయకముందే. ఇంగ్లీషులో తాళం మాట ముందు వస్తుంది, గార్డు మాట చివర వస్తుంది. ఆ వాక్యాన్ని తెలుగులో సహజంగా రాస్తే ‘గార్డు తీసేముందు ఐసొలేటర్‌కు తాళం వేయండి’ అవుతుంది. అర్థం అదే, కానీ మొదట కంటబడే పని గార్డు తీయడం. హడావిడిలో ఉన్న మనిషి మొదటి రెండు మాటలు చదివి చెయ్యి పెడతాడు. దీనికి తెలుగు వాక్యాన్ని వంచడం పరిష్కారం కాదు. ఇంగ్లీషు వాక్యాన్ని కూడా విడగొట్టి, ఏది ముందు చేయాలో దాన్ని ముందు వరసలో పెట్టాలి.

అలా విడగొడితే తెలుగు వైపు ఇలా వస్తుంది. ఒకటి: కన్వేయరు ఆపండి. రెండు: మెయిన్ స్విచ్ ఆఫ్ చేయండి. మూడు: మెయిన్ స్విచ్‌కు మీ సొంత తాళం వేసి, మీ పేరున్న ట్యాగ్ తగిలించండి. నాలుగు: తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి. ఐదు: స్టార్ట్ బటన్ నొక్కి చూడండి, బెల్టు కదిలితే పని ఆపి సూపర్‌వైజరుకు చెప్పండి. ఆరు: బెల్టును లాగి ఉంచే బరువు దిమ్మ కదలకుండా బిగించండి. ఏడు: గార్డు తీయండి. ఎనిమిది: ఇరుక్కున్న సరుకు తీయండి. ఇంగ్లీషు వైపు కూడా ఇవే ఎనిమిది, ఇదే క్రమంలో ఉండాలి.

ఐదు, ఆరు వరసలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘తెలిసిందేగా’ అని వదిలేసే అవకాశం ఎక్కువ. కానీ వరసగా నాలుగు కన్వేయర్లున్న చోట పక్క కన్వేయరు స్విచ్‌కు తాళం పడితే, ఆ పొరపాటు ఐదో పని చేస్తేనే బయటపడుతుంది. కరెంటు పూర్తిగా పోయిన తర్వాత కూడా, వేలాడే బరువు దిమ్మ బెల్టును లాగుతూనే ఉంటుంది. అడ్డం తొలగగానే బెల్టు ఒక్కసారి జరుగుతుంది. ఏటవాలు కన్వేయరయితే పైనున్న సరుకు బరువుకు వెనక్కి దొర్లవచ్చు. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కడం రెండో పనికి బదులు కాదన్న సంగతి కూడా అదే వరసలో రెండు భాషల్లోనూ రాయాలి. ఆ బటన్ మెషిన్‌ను ఆపుతుందే కానీ కరెంటు వచ్చే దారిని మూసేయదు, దాన్ని ఎవరైనా తిరిగి పైకి లేపవచ్చు.

నిషేధాలు రాసేటప్పుడు తెలుగుకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషులో ‘చేయవద్దు’ అనే మాట వాక్యం మొదట్లో, పెద్ద అక్షరాల్లో కనబడుతుంది. తెలుగులో అది క్రియ లోపల దాక్కుంటుంది. ‘తెరవండి’, ‘తెరవకండి’ మధ్య తేడా ఒక్క ‘క’. బోర్డు మీద నూనె మరక పడినా, ప్రింటు వెలిసిపోయినా అర్థం తిరగబడుతుంది. అందుకే ‘తెరవొద్దు’ లేదా ‘తెరవకూడదు’ అని రాసి, ఆ మాటను లావు అక్షరాల్లో పెట్టడం మేలు. బటన్ల పేర్లు ప్యానెల్ మీద ఏ అక్షరాల్లో ఉంటే తెలుగు గడిలోనూ అవే అక్షరాల్లో చూపాలి. కార్మికుడు వెతికేది ఆ ఆకారాన్నే.

ఇక అచ్చు సంగతి. స్పేస్ బార్, ట్యాబ్, ఎంటర్ నొక్కి రెండు భాషలను కలిపితే, ఒక్క మాట మార్చగానే కింద ఉన్నవన్నీ జరిగిపోతాయి. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పట్టిక వేసి, Allow row to break across pages అనే గుర్తు తీసేస్తే ఒక పని సగం ఈ పేజీలో, సగం తర్వాతి పేజీలో పడదు. గడుల్లో మాటలు నిలువుగా మధ్యలో కాకుండా పై అంచు నుంచి మొదలవ్వాలి, లేకపోతే ఒక లైను గడి పక్కన మూడు లైన్ల గడి ఉన్నప్పుడు మొదటి లైన్లు కలవవు.

తెలుగు అక్షరానికి కింద వత్తులు, పైన గుణింతపు గుర్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకు సరిపోయే లైను ఎత్తు దానికి చాలదు. ఎత్తు సమానం చేద్దామని Exactly ఎంచుకుంటే వత్తులు తెగిపోయే ప్రమాదముంది. At least ఎంచుకుని, తెలుగుకు సరిపోయే అంకెను రెండు గడులకూ ఇవ్వాలి. 14 పాయింట్ల అక్షరానికి 24తో మొదలుపెట్టి, ఫాంటును బట్టి పెంచుకోవచ్చు. తెలుగు మాటలు పొడవు, మధ్యలో విరవడం కుదరదు. అందుకని తెలుగు గడిని కాస్త వెడల్పుగా ఉంచి, కుడి అంచు సమం చేయకుండా వదిలేయాలి.

ప్రింటింగ్ షాపులో మరో చిక్కు ఎదురవుతుంది. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగును అక్కడ అనూ ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు విడిపోవచ్చు, అంకెలు, గుర్తులు మారవచ్చు. ఫైలును పీడీఎఫ్‌గా ఇచ్చి, బోర్డు తయారయ్యే ముందు నమూనా ప్రింటును తెలుగు చదివే మనిషి అక్షరం అక్షరం చూడాలి.

ఆ తర్వాతి పరీక్ష మెషిన్ దగ్గరే జరగాలి. ఇంగ్లీషు చూడని ఒక ఆపరేటరుతో తెలుగు వైపు మాత్రమే చదివించి, ఒక్కో పనిని చేతితో చూపించమనాలి. ఇంగ్లీషు కాగితం పట్టుకున్న రెండో వ్యక్తి అంకెల వారీగా సరిచూడాలి. చూపిన పని, కాగితంలోని పని వేరైన ప్రతిచోటా ఆ వరసను రెండు భాషల్లోనూ తిరగరాయాలి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లున్న చోట వాళ్లకు ఈ రెండు గడులూ ఉపయోగపడవు. హిందీకో ఒడియాకో వేరే బోర్డు పెట్టడంతో పాటు, తప్పనిసరి పనికి నీలం వృత్తం, నిషేధానికి అడ్డగీత ఉన్న ఎర్ర వృత్తం, హెచ్చరికకు పసుపు త్రిభుజం అంకె పక్కనే చేర్చాలి. చదవడం రానివాళ్లకు పనిని చేసి చూపించడం తప్ప వేరే దారి లేదు.

బోర్డు కింద రెండు భాషలకూ కలిపి ఒకే తేదీ, ఒకే సవరణ సంఖ్య వేయాలి. మోటారు మారినా, స్విచ్ చోటు మారినా పాత బోర్డు మీద కాగితం అతికించకుండా రెండు వైపులా కొత్తగా అచ్చు వేయించి, పాతది అదే రోజు తీసేయాలి.